కొట్టగలడని తెలుసు, మరి ఎందుకు ఆగాడు?

2020లో వచ్చిన మలయాళ సినిమా 'అయ్యప్పనుమ్ కోశియుమ్'లో అయ్యప్పన్ నాయర్ అనే ఎస్సై పాత్ర వేసిన బిజు మేనన్‌కి జాతీయ అవార్డు వచ్చింది. ఏ విభాగంలో అనుకున్నారు? ఉత్తమ సహాయ నటుడు. రెండేళ్ల తర్వాత అదే పాత్రని తెలుగులో పవన్ కల్యాణ్ వేశారు. ఈసారి సినిమా పేరే ఆ పాత్ర పేరైంది, 'భీమ్లా నాయక్'. మలయాళంలో పేరులోనే ఇద్దరూ సమానంగా ఉన్నారు. తెలుగులో రెండోవాడి పేరు పోస్టర్ మీద టైటిల్‌లోంచి ఎగిరిపోయింది.

దీన్ని చాలామంది ఫ్యాన్స్ కోసం చేసిన మార్పు అని ఒక్క మాటలో కొట్టిపారేస్తారు. నాకు అది చాలదు. స్టార్ ఇమేజ్ సినిమా మీద పైన పూసిన రంగు కాదు, అది కథ లోపలికి వెళ్ళి ఎవరికి ఏ విషయం ఎప్పుడు తెలియాలో కూడా మార్చేస్తుంది. ఈ రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పని కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది.

మలయాళం సినిమా కోశితో మొదలవుతుంది. రాత్రిపూట కారులో, మందు మీద నిషేధం ఉన్న అట్టపాడి ప్రాంతంలోకి మందు సీసాలతో వచ్చి పోలీసులకి దొరికిపోతాడు. డబ్బున్నవాడు, పలుకుబడి ఉన్నవాడు, పొగరున్నవాడు. మనం అతని వెంటే ఆ స్టేషన్‌లోకి అడుగుపెడతాం. అక్కడ ఉన్న ఎస్సై అయ్యప్పన్ మనకి మొదట మామూలు ఉద్యోగిలాగే కనిపిస్తాడు. కోశి ఫోన్‌లో ఉన్న పెద్దవాళ్ల నంబర్లు చూసి కాస్త వెనక్కి తగ్గుతాడు కూడా. అతను చేసిన ఒక పొరపాటుని కోశి ఫోన్‌లో రికార్డు చేసి, దానితో అతని ఉద్యోగానికే ఎసరు పెడతాడు. ఆ తర్వాతే పై అధికారి కోశిని కూర్చోబెట్టి, నువ్వు ఎవరితో పెట్టుకున్నావో తెలుసా అని అయ్యప్పన్ గతం చెప్తాడు. ఒకప్పుడు మనుషుల్ని చంపినవాడు, అతన్ని అదుపులో పెట్టడానికే ఒంటి మీద యూనిఫాం వేశారు, ఇప్పుడు నువ్వు ఆ యూనిఫాం తీయించావు అని. ఆ మాట విన్నప్పుడు కోశికి ఎంత వణుకు పుడుతుందో మనకీ అంతే పుడుతుంది. ఎందుకంటే మనకీ అప్పుడే తెలిసింది.

తెలుగులో ఆ వణుకు పుట్టే అవకాశమే లేదు. పవన్ కల్యాణ్ ఎవరో తెలియకుండా థియేటర్‌కి వచ్చినవాడు ఒక్కడూ ఉండడు. భీమ్లా స్టేషన్‌లో ఎంత నెమ్మదిగా మాట్లాడినా, వీడు లేస్తే ఏమవుతుందో మనకి టికెట్ కొన్నప్పుడే తెలుసు. ఇక్కడ కోశి స్థానంలో ఉన్న డేనియల్ శేఖర్ ఒక్కడికే తెలియదు. మలయాళంలో ప్రేక్షకుడూ కోశీ కలిసి ఒక మనిషిని కనుక్కుంటారు. తెలుగులో ప్రేక్షకుడు భీమ్లా పక్షాన కూర్చుని, ఈ డేనియల్‌కి ఎప్పుడు తెలుస్తుందా అని ఎదురుచూస్తాడు. సీన్ దాదాపు అదే అయినా చూసేవాడు కూర్చున్న చోటు మారిపోయింది.

మాస్ సినిమా అంతా ఈ ఒక్క పాయింట్ మీదే నడుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. హీరో గెలుస్తాడా లేదా అనే టెన్షన్ ఇక్కడ ఉండదు. గెలుస్తాడు, అందరికీ తెలుసు. మరి రెండున్నర గంటలు మనల్ని కుర్చీలో కూర్చోబెట్టేది ఏమిటి? ఎప్పుడు కొడతాడు అనే ప్రశ్న. దానికి వెనకాల ఉండే అసలు ప్రశ్న, ఇంతసేపు ఎందుకు ఆగాడు? రచయిత మొదట జవాబు వెతకాల్సింది దీనికే. హీరో ఆగడానికి గట్టి కారణం ఉంటే సినిమా నిలబడుతుంది. లేకపోతే ఎన్ని కోట్లు పోసినా ఇంటర్వెల్ తర్వాత జారిపోతుంది.

ఫ్యాక్షన్ సినిమాలు వచ్చిన రోజుల్లో ఈ సూత్రాన్ని మనవాళ్లు చాలా శ్రద్ధగా పట్టుకున్నారు. 1999లో వచ్చిన 'సమరసింహారెడ్డి'లో బాలకృష్ణ ఫస్టాఫ్‌లో పనివాడు. 2002లో 'ఇంద్ర'లో చిరంజీవి కాశీలో టాక్సీ నడుపుకునే శంకర్ నారాయణ. రెండూ బి.గోపాల్ తీసినవే, రెండింటికీ మాటలు పరుచూరి బ్రదర్స్‌వే. ఈ అజ్ఞాతవాసం లెక్క మనకి విరాటపర్వం నుంచి వచ్చిందే. వంటవాడి వేషంలో ఉన్నది భీముడని చదివేవాడికి తెలుసు, కీచకుడికి తెలియదు. చదివేవాడికి మజా అంతా అక్కడే. స్టార్ ఇమేజ్ రచయితకి ఇచ్చే సాయం కూడా ఇదే. 'ఇంద్ర'లో శంకర్ నారాయణ ఎవరో రచయిత మొదటి గంటలో చెప్పనక్కర్లేదు. తెర మీద చిరంజీవి టాక్సీ తలుపు తీస్తుంటే, వీడు టాక్సీ డ్రైవర్ కాదు అని హాల్లో చిన్నపిల్లాడు కూడా చెప్పేస్తాడు. అనామకుడు అదే పాత్ర వేస్తే ఫస్టాఫ్ అంతా చప్పగా ఉంటుంది, ఫ్లాష్‌బ్యాక్ వచ్చేదాకా మనం పట్టించుకోం.

కానీ ఈ సాయం పనిచేసింది, ఆగడానికి కారణం కూడా బలంగా ఉంది కాబట్టే. సమరసింహారెడ్డి తన వల్ల దిక్కులేనిదైన కుటుంబానికి అండగా ఉండాలని పనివాడిగా చేరాడు. ఇంద్రసేనారెడ్డి తన వాళ్ల కోసం అన్నీ వదులుకుని కాశీకి వచ్చాడు. 'ఇంద్ర'లో ఒకచోట హీరో అవమానం దిగమింగి, తప్పు తన వైపు ఉంది కాబట్టే తల దించుకుని వెళ్తున్నానని చెప్తాడు. అంత పెద్ద మాస్ హీరో తల దించుకుంటే అభిమానులు ఒప్పుకున్నారు, ఒప్పుకోవడం కాదు విజిల్స్ వేశారు. తల దించడానికి కారణం న్యాయమైనది అయినప్పుడు ఆ తల దించడమే ఎలివేషన్ అయిపోతుంది. ఇమేజ్ ఉన్న హీరోని ఓడిపోయినట్టు చూపించకూడదు, ఫ్యాన్స్ తట్టుకోలేరు అని ఈ రోజు ఎవరైనా రచయితకి చెప్తే, ఆ సీన్ ఒకసారి చూడమంటాను.

ఫైట్ సంగతికి వస్తే నాకు 2005లో వచ్చిన 'ఛత్రపతి' ఇంటర్వెల్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. విశాఖ పోర్టులో బలవంతంగా పనిచేయించుకుంటున్న జనం. వాళ్లలో శివాజీగా ప్రభాస్. వాళ్లని కొట్టి పనిచేయించే రౌడీ కాట్రాజ్. అప్పటికే 'వర్షం' వచ్చి ఏడాది దాటింది, ప్రభాస్ చేతి దెబ్బ ఎలా ఉంటుందో జనానికి తెలుసు. కాబట్టి కాట్రాజ్ కొట్టిన ప్రతిసారీ మన కళ్లు కాట్రాజ్ మీద ఉండవు. శివాజీ ముఖం మీద, అతని చేతుల మీద ఉంటాయి. రాజమౌళి కూడా కెమెరాని అక్కడే పెడతారు. అవతల దెబ్బ పడుతుంది, ఇవతల హీరో కదలడు. మళ్లీ దెబ్బ, మళ్లీ కదలడు. చిన్నప్పుడు విడిపోయిన తల్లిని వెతుక్కుంటున్న మనిషి, గొడవలో తలదూరిస్తే ఆ వెతుకులాటే ఆగిపోతుంది. అలా అప్పు పేరుకుంటూ పోతుంది. చివరికి అభం శుభం తెలియని ఒక పిల్లాడి ప్రాణం మీదికి వచ్చినప్పుడు శివాజీ లేస్తాడు. అప్పుడు జరిగే ఫైట్‌లో కొత్త కొత్త భంగిమలేమీ అక్కర్లేదు. అరగంటగా హాల్లో కూర్చున్న ప్రతివాడూ మనసులో కొట్టిన దెబ్బే శివాజీ కొడుతున్నాడు.

నా లెక్కలో ఫైట్ మొదటి దెబ్బతో మొదలవదు. హీరో మొదటిసారి ఓర్చుకున్న సీన్‌లో మొదలవుతుంది. ఫైట్ మాస్టర్ చేతికి వచ్చేసరికే సగం పని రచయిత చేసి ఉండాలి. మిగతా సగంలో మన మాస్టర్లకి తిరుగులేదు. దెబ్బకి ముందు సౌండ్ అంతా తీసేసి ఒక్క క్షణం నిశ్శబ్దం పెట్టడం, సెకనుకి 24 ఫ్రేముల బదులు 96 ఫ్రేములు తీసి దెబ్బని నాలుగు రెట్లు నెమ్మదిగా చూపించడం, రోప్ కట్టి రౌడీని వెనక్కి లాగడం, పడ్డవాడి కంటే ముందు చూస్తున్నవాడి ముఖం చూపించడం. ఇవన్నీ ఇమేజ్‌ని కంటికి కనిపించేలా చేసే పనులు. స్లో మోషన్ అసలు ఉపయోగం కూడా ఇదే. దెబ్బ బలం చూపించడానికి కాదు, ఇన్నాళ్లు ఎదురుచూసిన క్షణాన్ని కాసేపు పట్టుకుని ఉంచడానికి.

ఇప్పుడు వస్తున్న చాలా సినిమాల్లో నాకు కోపం తెప్పించేది ఇక్కడే. స్లో మోషన్ ఉంది, రోప్ ఉంది, చెవులు చిల్లులు పడే బీజీఎం ఉంది, ఓర్పు లేదు. హీరో మొదటి రీల్లో కొడతాడు, రెండో రీల్లో కొడతాడు, ఇంటర్వెల్‌కి ఇంకా ఎక్కువమందిని కొడతాడు. ఆగలేదు కాబట్టి పేరుకున్నది ఏమీ లేదు. ఆ ఖాళీని నింపడానికి పక్క పాత్రల్ని వాడతారు. విలన్ అనుచరుడు వణుకుతూ, వాడెవడో తెలుసా అంటాడు. ముసలాయన కళ్లు పెద్దవి చేసి హీరో తాత గురించి చెప్తాడు. పోలీసు అధికారి ఫైల్ మూసేసి కళ్లజోడు తీస్తాడు. కథలో హీరో చేసిన పనుల వల్ల రావాల్సిన భయాన్ని ఇలా నోటి మాటతో అప్పు తెస్తారు. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ఎలివేషన్ డైలాగ్ తీసేసి సీన్ చూడండి. అప్పటికీ హీరో అంటే భయం వేస్తే ఆ సినిమాలో కథ ఉంది. వెయ్యకపోతే అక్కడ భయపెట్టింది స్టార్ పాత సినిమాలు, ఈ సినిమా కాదు.

ఇమేజ్‌ని వాడుకోవడం ఒకటైతే, ఇమేజ్‌ని కాపాడటం ఇంకో గొడవ. 2006లో వచ్చిన 'పోకిరి'లో పండు డబ్బు తీసుకుని మనుషుల్ని కాల్చేవాడు. హీరోయిన్ అతన్ని ప్రేమించి కూడా అతని పని చూసి భయపడుతుంది. ఆ భయం నిజమైనది, సినిమాలో నాకు బాగా నచ్చిన భాగం అదే. కానీ మహేశ్ బాబు నిజంగా కిరాయి హంతకుడు కాకూడదు కదా. చివర్లో అతను రహస్యంగా పనిచేస్తున్న పోలీసు అధికారి కృష్ణ మనోహర్ అని తెలుస్తుంది. ఆ ఒక్క మాటతో అప్పటిదాకా జరిగిన హత్యలన్నీ వెనక్కి వెళ్లి డ్యూటీ అయిపోతాయి. పూరి జగన్నాథ్ దాన్ని ఎంత పకడ్బందీగా చేశారంటే థియేటర్ ఊగిపోయింది, నేనూ ఊగాను. అయితే ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు, ఆ ప్రశ్నే రద్దయిపోయింది. చంపేవాడిని ప్రేమించవచ్చా అని ఆమె అడిగింది, నువ్వు ప్రేమించింది పోలీసుని అని సినిమా చెప్పింది. ఇమేజ్‌ని కాపాడటానికి కట్టే ధర చాలాసార్లు హీరో కట్టడు, పక్కన ఉన్న పాత్ర కడుతుంది.

పాటల దగ్గరికి వస్తే మాస్ సినిమాకి ఇంకో రకం స్వేచ్ఛ ఉంది. 'ఇంద్ర'లో హీరో గుండెల్లో అంత బరువు మోస్తున్నవాడు. అదే సినిమాలో 'దాయి దాయి దామ్మా' పాటకి వీణ స్టెప్పు వేస్తాడు. ఒక్కరు కూడా, ఇంత బాధలో ఉన్నవాడు ఇలా ఎలా డాన్స్ చేస్తున్నాడు అని అడగలేదు. పాట మొదలవగానే ఇంద్రసేనారెడ్డి పక్కకి తప్పుకుని చిరంజీవి వస్తారు, పాట అయిపోగానే మళ్లీ ఇంద్రసేనారెడ్డి వస్తాడు. జనానికి ఈ రాకపోకలు బాగా అలవాటు. దీన్ని వెటకారం చేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఒక నటుడు శరీరంతో చేసే గొప్ప పనిని చూడటానికి కథ ఐదు నిమిషాలు ఆగితే నష్టం లేదు. ఆ పాట కథలో అబద్ధం చెప్పడం లేదు, కథ బయట నిలబడుతోంది అంతే.

నన్ను ఆలోచింపజేసేది ఇప్పటి పాట. డ్యూయెట్లు తగ్గిపోయాయి, వాటి చోట్లోకి హీరోని పొగిడే పాట వచ్చింది. అది సినిమా కంటే నెలల ముందే యూట్యూబ్‌లోకి వస్తుంది. 'భీమ్లా నాయక్' టైటిల్ సాంగ్ మొదట్లో కిన్నెర మొగులయ్య గొంతు వినిపిస్తుంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మహానుభావుడు, ఆ గొంతు విన్నప్పుడు ఒళ్లు జలదరించింది. ఆయన పాడింది భీమ్లా పుట్టుక, అమ్మానాన్నలు, వంశం. మలయాళం సినిమాలో కూడా ఇలాంటి ఒక గొంతు ఉంది, అట్టపాడికి చెందిన గిరిజన గాయని నంజమ్మది. ఆమెకి ఆ పాటకి జాతీయ అవార్డు వచ్చింది. కానీ ఆ పాట అయ్యప్పన్ గురించి కాదు. ఆ కొండల నుంచి వచ్చిన పాట అది, ఇద్దరు మగవాళ్లు కొట్టుకుంటున్న ఆ నేలకి తనదైన బతుకు ఒకటి ఉందని గుర్తు చేస్తుంది. రెండు చోట్లా జానపద గొంతే, రెండూ గొప్ప గొంతులే. ఒకచోట ఆ గొంతు ఊరిది, ఇంకోచోట హీరోది. పైగా పై అధికారి కోశికి చెప్పాల్సిన గతం ఇక్కడ పాటే ముందుగా ఊరంతా చాటేసింది. పవన్ కల్యాణ్ ఇమేజ్ వల్ల సగం పోయిన ఆ కనుక్కునే అనుభవం, ఈ పాటతో పూర్తిగా పోయింది. అదే సినిమా కోసం భార్యాభర్తల మీద చేసిన 'అంత ఇష్టం' పాట రికార్డయి, జనంలోకి వెళ్లి, థియేటర్లో మాత్రం కనిపించలేదు. ఏ పాట ఉండాలి, ఏది పోవాలి అన్న లెక్కలో పొగిడే పాట ఎప్పుడూ గెలుస్తోంది.

ఇమేజ్ కథకి అడ్డం తిరిగిన సందర్భం చెప్పాలంటే 2021లో వచ్చిన 'వకీల్ సాబ్'. దీని మూలం 2016 నాటి హిందీ 'పింక్'. అందులో లాయరు వయసు మళ్లినవాడు, ఆరోగ్యం బాగాలేనివాడు, భార్య ఆసుపత్రిలో ఉంది. ఆ పెద్దాయన చెయ్యెత్తి ఎవర్నీ కొట్టడు. కొట్టలేడు. ఆయన దగ్గర ఉన్నది కోర్టులో అడిగే ప్రశ్నలే. అమ్మాయి వద్దు అంటే వద్దు అనే, ఆ మాటకి వేరే బలం అవసరం లేదని చెప్పే సినిమాకి అలాంటి లాయరే కావాలి. తెలుగులో పవన్ కల్యాణ్ వేసిన లాయరుకి విద్యార్థి నాయకుడిగా ఒక గతం వచ్చింది, ప్రేమకథ వచ్చింది, ఫైట్లు వచ్చాయి. కోర్టు సీన్లు బాగున్నాయి, నివేదా థామస్, అంజలి, అనన్య ప్రాణం పెట్టారు, 'మగువా మగువా' పాట ఇళ్లలో మోగింది. ఇవన్నీ ఒప్పుకుంటాను. ఆ స్టార్ లేకపోతే ఈ మాట అంతమంది మగపిల్లల చెవిన పడేది కాదన్నదీ నిజం. కానీ లాయరు బయట పది మందిని పడగొట్టి కోర్టులోకి వచ్చాక, ఆ అమ్మాయి మాటకి వెనకాల అతని పిడికిలి నిలబడిపోయింది. ఏ బలమూ లేకుండా నిలబడాల్సిన మాట అది. ఇక్కడ ఫైట్ బాగా తీశారా లేదా అన్నది ప్రశ్నే కాదు. ఆ కథలో హీరో ఎందుకు ఆగాలి అన్న ప్రశ్నకి మూలంలో ఉన్న జవాబు, అతనికి ఆ శక్తి లేదు అన్నది. స్టార్‌కి ఆ జవాబు ఇవ్వలేకపోయారు.

ఇవ్వలేమా? ఇచ్చినవాళ్లు ఉన్నారు. 2018లో రెండు సినిమాలు వచ్చాయి. 'అరవింద సమేత వీర రాఘవ'లో త్రివిక్రమ్ పెద్ద ఫ్యాక్షన్ ఫైట్‌ని తీసుకెళ్లి సినిమా మొదట్లోనే పెట్టేశారు. ఎన్టీఆర్ నుంచి జనం ఏం కోరి వచ్చారో అది ముందే ఇచ్చేసి, తర్వాత అదే చేతుల్ని ఆపే కథ చెప్పారు. వీడు కొట్టగలడా అన్న అనుమానం ఎవరికీ మిగలదు కాబట్టి, ఇక కొట్టకపోవడం చేతకానితనంలా కనిపించదు. 'పెనివిటి' పాటలో హీరో గొప్పతనం లేదు, కత్తి పట్టుకుని వెళ్లిన మొగుడి కోసం గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ల బాధ ఉంది. మాస్ హీరో సినిమాలో పాట హీరో శత్రువుల గురించి కాకుండా, అతని హింస వల్ల నలిగేవాళ్ల గురించి పాడటం నాకు చాలా పెద్ద విషయంగా అనిపించింది. చివర్లో సినిమా మళ్లీ పాత దారిలోకి కొంత వచ్చిందన్నది నా ఫిర్యాదు, అయినా చేసిన పని చిన్నది కాదు.

రెండోది 'రంగస్థలం'. సుకుమార్ రామ్ చరణ్‌కి సరిగ్గా వినపడని చిట్టిబాబు పాత్ర ఇచ్చారు. అది సానుభూతి కోసం పెట్టిన లోపం కాదు, కథ తిరిగే ఇరుసు. చిట్టిబాబుకి బలం ఉంది, ధైర్యం ఉంది, కానీ వెనక నుంచి వచ్చేవాడి అడుగు వినపడదు, చావు బతుకుల్లో ఉన్న అన్న చెప్పే మాట సరిగ్గా అందదు. ప్రెసిడెంట్ మీద పోరాటం మొదలుపెట్టింది కూడా అతను కాదు, అన్న కుమార్ బాబు. స్టార్ ఉన్న సినిమాలో పెద్ద నిర్ణయం వేరే పాత్ర తీసుకోవడం ఎంత అరుదో ఈ సినిమాలు చూసేవాళ్లకి తెలుసు. ఇక చివరికి అసలు హంతకుడు ఎవరో తెలిసే సమయానికి ఆ మనిషి కదలలేని స్థితిలో మంచం మీద ఉంటాడు. చిట్టిబాబు అప్పుడు చంపడు. పక్కనే ఉండి, సేవ చేసి, అతను కోలుకునేదాకా ఆగుతాడు. తనని ఎవరు, ఎందుకు చంపుతున్నారో అతనికి అర్థం కావాలని. ఆ క్లైమాక్స్‌లో రోప్ లేదు, గాల్లో లేచే రౌడీలు లేరు, ఒక గదిలో ఇద్దరు మనుషులు ఉన్నారు. ఆగడానికి అంత భయంకరమైన కారణం రాసిన రచయితకి, అది నమ్మి చేసిన స్టార్‌కి 2018 వేసవిలో తెలుగు జనం బ్రహ్మరథం పట్టారు. ఫ్యాన్స్ ఒప్పుకోరు అనే మాట వినిపించిన ప్రతిసారీ నేను ఆ వసూళ్ల సంగతే అడుగుతుంటాను.